స్క్రీన్ పెద్దదైపోయి మౌస్ వెంట పరిగెడుతోందా? విండోస్ కీ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి

తొందరలో ఉన్నవాళ్లకు ముందు విషయం చెప్పేస్తాను. కీబోర్డు కింది వరుసలో ఎడమవైపు నాలుగు గళ్ల కిటికీ బొమ్మ ఉన్న కీ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని, పై వరుసలో ఎడమ మూల చివర ఉన్న `Esc` ఒక్కసారి నొక్కండి. స్క్రీన్ మామూలు సైజుకి వచ్చేసిందంటే మీకు పట్టింది విండోస్‌లోని మ్యాగ్నిఫయర్, అది పోయింది, ఇక మీ పని చూసుకోవచ్చు. రాకపోయినా, వచ్చి మళ్లీ మళ్లీ మొదలవుతున్నా కింద చదవండి.

ఇది మొన్న మా బాబాయికి జరిగింది. తణుకులో చిన్న జిరాక్స్ షాపు, ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్. సాయంత్రం ఎవరో అమ్మాయి హాల్ టికెట్ ప్రింట్ కోసం వస్తే, పీడీఎఫ్‌లో పేరు సరిగ్గా ఉందో లేదో పెద్దది చేసి చూపిద్దామని కంట్రోల్, ప్లస్ నొక్కబోయాడు. కళ్లేమో కాగితం మీద ఉన్నాయి, వేలు కంట్రోల్ మీద కాకుండా విండోస్ కీ మీద పడింది. పెద్దదైంది కానీ పీడీఎఫ్ ఒక్కటే కాదు, మొత్తం స్క్రీన్. కంగారుపడి అదే మళ్లీ నొక్కాడు, ఇంకా పెద్దదైంది. నాకు ఫోన్.

"ఒరేయ్, కంప్యూటర్ ఊగుతోందిరా. మౌస్ ఎటు తిప్పితే అటు పోతోంది."

"స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టు బాబాయ్" అన్నాను. ఎలాగో తిప్పలు పడి పెట్టాడు. చూస్తే అంతా బాగానే ఉంది! పీడీఎఫ్ ఉంది, కింద టాస్క్‌బార్ ఉంది, గడియారం ఉంది. "ఏమీ లేదు కదా బాబాయ్" అంటే ఆయనకి కోపం వచ్చింది, మరి రాదా.

అసలు కిటుకు అక్కడే ఉంది. మ్యాగ్నిఫయర్ పెద్దది చేసేది మానిటర్ మీదకి వచ్చే బొమ్మని మాత్రమే, లోపల డెస్క్‌టాప్ తన మామూలు సైజులోనే ఉంటుంది. అందుకే ప్రింట్ స్క్రీన్‌తో తీసిన బొమ్మలో ఆ పెద్దదనం కనబడదు. దూరం నుంచి సాయం చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పంపమనండి. బాబాయి పంపిన ఫోటోలో రీసైకిల్ బిన్ బొమ్మ సగం, దాని పక్కన ఏదో ఫోల్డర్ పేరులో నాలుగు అక్షరాలు, అంతే, స్క్రీన్ నిండిపోయింది. స్క్రీన్‌షాట్‌లో మామూలుగా, ఫోటోలో పెద్దగా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు, మ్యాగ్నిఫయరే.

ముందు, ఇది అదేనా అని చూసుకోండి

స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి కావడానికి మూడు నాలుగు దారులున్నాయి, దేని మందు దానిది. మౌస్‌ని మెల్లగా స్క్రీన్ చివరికి తీసుకెళ్లండి. చివరికి వెళ్లేసరికి మొత్తం బొమ్మ జరిగి, ఇందాక కనబడని భాగం బయటికొస్తే మ్యాగ్నిఫయర్. టాస్క్‌బార్, గడియారం మామూలుగానే ఉండి వెబ్ పేజీ ఒక్కటే పెద్దగా ఉంటే అది బ్రౌజర్ జూమ్, కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కితే 100 శాతానికి వచ్చేస్తుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మాత్రమే లడ్డూల్లా అయితే ఎవరో కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పారన్నమాట, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి `View` లో `Medium icons` పెట్టండి. అన్నీ పెద్దగా ఉన్నాయి కానీ ఏదీ కదలడం లేదు, స్క్రీన్‌లో అన్నీ పట్టి ఉన్నాయి అంటే రిజల్యూషనో స్కేలో మారింది, `Settings` లో `System`, అందులో `Display` కి వెళ్లి రెండిటికీ `Recommended` అని పక్కన రాసి ఉన్నది ఎంచుకోండి.

మ్యాగ్నిఫయర్‌కి ఇంకో రెండు వేషాలున్నాయి, జనం వాటిని చూసి మానిటర్ పాడైందనుకుంటారు. ఒకటి లెన్స్, మౌస్ చుట్టూ ఒక దీర్ఘచతురస్రం మాత్రమే పెద్దగా కనబడుతూ దాని వెంట తిరుగుతుంది, భూతద్దం పట్టుకున్నట్టే. రెండోది డాక్డ్, స్క్రీన్ పైభాగంలో ఒక పట్టీ వేరుగా ఏర్పడి, మౌస్ ఎక్కడుంటే ఆ చోటు అందులో పెద్దగా కనబడుతుంది. వేషం ఏదైనా విండోస్ కీ, ఎస్కేప్ తోనే పోతుంది.

ఇంత పెద్దది ఎలా అయింది

విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే మ్యాగ్నిఫయర్ మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లో ప్లస్ అంటే బ్యాక్‌స్పేస్ పక్కన ఉన్న, ఈక్వల్ గుర్తు కూడా ఉన్న కీ, షిఫ్ట్ నొక్కక్కర్లేదు. మామూలు సెట్టింగుల్లో మొదటిసారికే 200 శాతం అవుతుంది, ఆ తర్వాత ప్రతి నొక్కుకి ఇంకో 100 పెరుగుతుంది, 1600 దాకా పోతుంది. వేలు తీయకుండా అలాగే పట్టుకుంటే క్షణాల్లో పైకెక్కేస్తుంది.

200 అంటే రెండింతలే కదా అనిపిస్తుంది కానీ అది పొడవులోనూ వెడల్పులోనూ రెండింతలు, అంటే మీకు కనబడేది అసలు స్క్రీన్‌లో నాలుగో వంతు. 300 దగ్గర తొమ్మిదో వంతు. బాబాయి పరిస్థితి అంతకు మించే ఉండాలి. 1366 × 768 ల్యాప్‌టాప్‌లో 1600 దాకా పోయిందంటే కనబడేది దాదాపు 85 × 48 చుక్కల ముక్క, ఒక్క ఐకాన్ కూడా పూర్తిగా పట్టదు. ఆ స్థితిలో మౌస్‌తో స్టార్ట్ మెనూ వెతుక్కోవడం అంటే ఇసకలో సూది వెతికినట్టే. కాబట్టి మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే పని చేయండి.

ఆపడం

విండోస్ కీ నొక్కి పట్టుకోండి, వదలొద్దు, అలా ఉంచే ఎస్కేప్ నొక్కండి, రెండూ వదిలేయండి. అంతే.

బాబాయికి ఇదే చెప్పాను, పోలేదు. "పోలేదురా" అని మూడుసార్లు అన్నాక, "ఏ కీ నొక్కుతున్నావ్, దాని మీద ఏం రాసి ఉంది" అని అడిగితే తేలింది, ఆయన నొక్కుతున్నది `Fn` అట. చాలా ల్యాప్‌టాప్‌లలో కింది వరుస ఎడమ నుంచి కంట్రోల్, ఎఫ్ఎన్, విండోస్, ఆల్ట్ అని ఉంటుంది, నాలుగూ పక్కపక్కనే. పైగా చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపితే ఇంకో పని జరుగుతుంది, పై వరుసలోని `F1` నుంచి `F12` దాకా కీలు చేసే పని తారుమారవుతుంది. మూడుసార్లు నొక్కాడు కాబట్టి అది మారి, వెనక్కొచ్చి, మళ్లీ మారి ఉండిపోయింది. మర్నాడు "సౌండ్ బటన్లు పనిచేయట్లేదు" అని ఇంకో ఫోన్. కొన్నిటికి ఎస్కేప్ కీ మీదే చిన్న దీపం ఉంటుంది, అది వెలిగి ఉంటే ఇదే సంగతి, ఎఫ్ఎన్, ఎస్కేప్ ఇంకోసారి నొక్కితే పాత పద్ధతికి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చాలామంది విండోస్ కీ, మైనస్ నొక్కుకుంటూ 100 శాతానికి తెచ్చి, హమ్మయ్య పోయింది అనుకుంటారు. పోలేదు, 100 దగ్గర ఊరికే కూర్చుని ఉంది. కిందా మీదా ఎక్కడో మ్యాగ్నిఫయర్ బొమ్మ ఇంకా ఉంటుంది. అది నడుస్తున్నంతసేపూ కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం కాస్త కదిపినా మళ్లీ పెద్దదవుతుంది. "దానంతట అదే వస్తోంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. మైనస్‌తో తగ్గించినా సరే, చివర్లో ఎస్కేప్ పడాల్సిందే.

విండోస్ కీ పని చేయకపోతే

గేమింగ్ కీబోర్డుల్లో విండోస్ కీకి తాళం వేసే ఏర్పాటు ఉంటుంది, ఆటలో ఉండగా పొరపాటున నొక్కితే స్టార్ట్ మెనూ రాకుండా. ఆ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటుంది, చాలావాటిలో ఎఫ్ఎన్ తో కలిపి నొక్కితే తాళం పడుతుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. కీయే అరిగిపోయి ఉంటే వేరే దారి పట్టాలి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో `Details` అన్న భాగంలో `Magnify.exe` అనే పేరు ఉంటుంది, దాన్ని ఎంచుకుని `End task` చేయండి. జూమ్ ఎక్కువగా ఉంటే ఈ కిటికీలోనే దారి తప్పుతారు, ఆ చిక్కు ఉంది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, స్పేస్ నొక్కి చూడండి, మొత్తం స్క్రీన్ ఒక్కసారి మామూలు సైజులో చూపిస్తుంది, ఎక్కడున్నారో తెలుస్తుంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం మీ వైపుకి తిప్పితే జూమ్ తగ్గుతుంది కూడా. విండోస్ కీ లేకుండా బయటపడటానికి నాకు తెలిసిన హాయైన పద్ధతి ఇదే, ముందు చక్రంతో 100కి తెచ్చుకుని, ఆ తర్వాత ఆ బొమ్మ మీద క్లిక్ చేసి, వచ్చిన చిన్న పట్టీలో ఇంటూ గుర్తు నొక్కేయడం.

కమాండ్లు అలవాటున్నవాళ్లు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, విండోస్ 11లో `Terminal (Admin)`, విండోస్ 10లో `Windows PowerShell (Admin)` తెరిచి ఇది కొట్టండి:

```
taskkill /im magnify.exe /f
```

అడ్మిన్ అని ఉన్నదే తెరవండి, మామూలుగా తెరిస్తే `Access is denied` అనే అవకాశం ఉంది.

ఆపినా మళ్లీ వస్తోందంటే

దీనికి సాధారణంగా రెండే కారణాలు. మొదటిది, మీరే పెట్టుకున్నది. బాబాయి నాకు ఫోన్ చేసేముందు ఎవరో చెబితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనబడిన స్విచ్‌లన్నీ అటూ ఇటూ తిప్పాడు. ఆ జూమ్‌లో స్విచ్ కనబడుతుంది గానీ అది దేని స్విచ్చో చెప్పే మాట కనబడదు, అది స్క్రీన్‌కి అవతల ఎక్కడో ఉంటుంది. ఆపబోయి, లాగిన్ అయిన వెంటనే మ్యాగ్నిఫయర్ మొదలవ్వాలి అనే స్విచ్ ఆన్ చేశాడు. ఇక ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అది సిద్ధంగా ఉంటుంది మరి! వైరస్ అని కూడా అనుమానించి, విండోస్ కొత్తగా వేయించడానికి ఎంత అవుతుందో కూడా కనుక్కున్నాడట. ఈ సమస్యకి విండోస్ మళ్లీ వేయించాల్సిన అవసరం అస్సలు లేదు, ఎవరైనా అలా అంటే డబ్బులివ్వకండి.

ముందు విండోస్ కీ, ఎస్కేప్ తో ఆపుకుని, కళ్లకి అంతా కనబడుతుండగా సెట్టింగ్స్‌కి వెళ్లండి, జూమ్‌లో ఉండగా వెళ్లకండి. విండోస్ కీ, యు కలిపి నొక్కితే నేరుగా ఆ పేజీకి వెళ్తారు. విండోస్ 11లో దాని పేరు `Accessibility`, విండోస్ 10లో `Ease of Access`. అందులో `Magnifier` తెరవండి. అన్నిటికన్నా పైన ఉన్న స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. కిందికి వస్తే `Start Magnifier after sign-in` అనీ, `Start Magnifier before sign-in` అనీ రెండుంటాయి, విండోస్ 10లో ఈ రెండోదాని పేరు చివర `for everyone` అని కూడా ఉంటుంది. మొదటిది మీరు లాగిన్ అయ్యాక మొదలయ్యేది, రెండోది పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే మొదలయ్యేది. రెండూ తీసేయండి. తీశాక ఒకసారి రీస్టార్ట్ చేసి చూసుకోండి, నమ్మకం కుదురుతుంది.

రెండో కారణం విండోస్ కీ ఇరుక్కుపోవడం. టీ ఒలికిందనో, జిరాక్స్ షాపుల్లో అయితే కాగితం దుమ్ముకో, నొక్కిన కీ పైకి లేవదు. దీన్ని కనిపెట్టడం తేలిక. ఏ కీ పట్టుకోకుండా ఊరికే ఇ అక్షరం కొట్టి చూడండి, అక్షరం పడకుండా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటే, లేదా ఎల్ కొడితే స్క్రీన్ లాక్ అయిపోతే, కంప్యూటర్ దృష్టిలో విండోస్ కీ నొక్కే ఉందన్నమాట. అప్పుడు లెక్కలు చేస్తూ ఈక్వల్ కొట్టినప్పుడల్లా స్క్రీన్ పెద్దదవుతుంది. ఆ కీని నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి, కుడివైపు ఇంకోటి ఉంటే దాన్ని కూడా. కంప్యూటర్ ఆపి, కరెంటు తీసి, కీల మధ్య దుమ్ము ఊదండి. లాభం లేకపోతే బయటి యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకుని చూడండి, అయితే ల్యాప్‌టాప్‌లో లోపలి కీ ఇరుక్కునే ఉంటే బయటిది పెట్టినా తేడా ఉండదు, ఆ కీబోర్డు మార్పించాల్సిందే.

రంగులు కూడా తిరగబడితే

ఈ గందరగోళంలో కనబడిన కీలన్నీ నొక్కేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఐ పడిందనుకోండి, తెలుపు నలుపవుతుంది, ఫోటో నెగటివ్‌లా. ఇది మ్యాగ్నిఫయర్ నడుస్తుండగానే పనిచేస్తుంది, అది ఆగితే రంగులు మామూలవుతాయి. కానీ ఆ మార్పు గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత ఎప్పుడైనా మ్యాగ్నిఫయర్ తెరిస్తే మళ్లీ నెగటివే. మళ్లీ కంట్రోల్, ఆల్ట్, ఐ కొట్టి సరిచేసుకున్నాకే ఆపండి. మ్యాగ్నిఫయర్ ఆపినా రంగులు తేడాగానే ఉంటే అది వేరే సెట్టింగు, అదే `Accessibility` లో `Color filters` ఆఫ్‌లో ఉందో చూడండి.

అసలు ఈ కీల జంటే వద్దనుకుంటే

విండోస్ కీ, ప్లస్ పనిచేయకుండా చేసే స్విచ్ సెట్టింగ్స్‌లో లేదు. ఉండాల్సింది అని నా అభిప్రాయం. ప్రస్తుతానికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే `PowerToys` వేసుకుని, అందులో `Keyboard Manager` కి వెళ్లి, షార్ట్‌కట్ మార్చే చోట విండోస్ కీ, ఈక్వల్ ఎంచుకుని, ఎదురుగా `Disable` పెట్టడం ఒక దారి. పెద్ద కీబోర్డులో అంకెల గడి వైపు ఇంకో ప్లస్ ఉంటుంది, దానికి విడిగా ఇంకోటి పెట్టాలి, లేకపోతే అటునుంచి వచ్చేస్తుంది. ఇంకో పరిమితి, `PowerToys` నడుస్తుంటేనే ఇది పనిచేస్తుంది. అడ్మిన్‌గా తెరిచిన కిటికీ ముందున్నప్పుడు కూడా ఆగాలంటే `PowerToys` ని కూడా అడ్మిన్‌గానే నడపాలి. ఆ కంప్యూటర్‌ని చూపు తక్కువున్న పెద్దవాళ్లు కూడా వాడుతుంటే ఇది చేయకండి, వాళ్లకి ఈ జంటే కావాలి. వాళ్ల పని అయ్యాక విండోస్ కీ, ఎస్కేప్ కొట్టుకోవడం మీ పని.

మ్యాక్ వాళ్ల సంగతి రెండు ముక్కల్లో. అక్కడ సెట్టింగ్స్‌లో జూమ్ షార్ట్‌కట్ ఆన్ చేసి ఉంటే ఆప్షన్, కమాండ్, 8 నొక్కితే జూమ్ వస్తుంది, మళ్లీ అవే నొక్కితే పోతుంది. కంట్రోల్ పట్టుకుని స్క్రోల్ చేసినప్పుడు పెద్దదైతే, కంట్రోల్ పట్టుకునే వెనక్కి స్క్రోల్ చేయండి. రెండూ `System Settings` లో `Accessibility`, అందులో `Zoom` దగ్గర ఉంటాయి, వద్దనుకుంటే కీబోర్డు షార్ట్‌కట్‌దీ స్క్రోల్‌దీ విడివిడిగా తీసేయొచ్చు. విండోస్‌లో లేని సౌకర్యం ఇది.

బాబాయి షాపులో ఇప్పుడు ఎఫ్ఎన్ కీ మీద ఎర్ర స్టిక్కర్, విండోస్ కీ మీద పచ్చ స్టిక్కర్ అంటించి ఉన్నాయి. ఆ అమ్మాయి హాల్ టికెట్ అదే రోజు ప్రింట్ అయింది, పేరు కూడా సరిగ్గానే ఉందట.